30 వేల కార్డు రే ట్రేసింగ్‌ను మోస్తుందా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మిర్యాలగూడ. మీ సేవ కేంద్రంలో పది నెలలు పనిచేసి 30 వేలు దాచుకున్నాను. నా కంప్యూటర్‌లో ఐ5-10400ఎఫ్ ప్రాసెసర్, హెచ్410 బోర్డు, ఒకటే స్టిక్‌గా 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 కార్డు, 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ ఉన్నాయి. మానిటర్ ఫుల్ హెచ్‌డీ, 75 హెర్ట్జ్. సైబర్‌పంక్ 2077 ఆటను, నీడలు, ప్రతిబింబాలు నిజంలా చూపించే రే ట్రేసింగ్‌తో ఆడాలని నా కోరిక. కానీ మహబూబ్‌నగర్‌లో నా స్నేహితుడి ఆర్‌టీఎక్స్ 3060 మీద మామూలుగా సెకనుకు 62 ఫ్రేములు వస్తుంటే, రే ట్రేసింగ్ అంతా ఆన్ చేయగానే 29కి పడిపోయాయి. అది చూసి భయం పట్టుకుంది. దుకాణంలో ఆర్‌టీఎక్స్ 3050, ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 చూపించారు. మూడూ నా డబ్బులోపలే ఉన్నాయి. ఏది తీసుకోవాలి? అసలు ఈ ధరలో రే ట్రేసింగ్ ఆశ పెట్టుకోవచ్చా?

సమాధానం: తమ్ముడూ, ఆ మూడింటిలో నీ కోరిక తీర్చగలిగింది 4060 ఒక్కటే. అదే డబ్బుకు ఆర్‌టీఎక్స్ 5060 దొరికితే అది ఇంకా మేలు. కానీ ఆ కార్డు మీద కూడా రే ట్రేసింగ్ సెట్టింగులన్నీ ఆన్ చేసి ఆడలేవు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తెలుసుకుని ఆడాలి. ఇంకో మాట ముందే చెబుతున్నాను. కార్డు కంటే ముందు నువ్వు కొనాల్సింది రెండో ర్యామ్ స్టిక్. ఎందుకో కింద చెబుతాను.

నీ స్నేహితుడి లెక్కతోనే మొదలుపెడదాం. ఫ్రేముల సంఖ్యను పక్కన పెట్టి, ఒక్కో ఫ్రేము తయారవడానికి ఎంతసేపు పట్టిందో చూడు. ఒక సెకను అంటే 1000 మిల్లీసెకన్లు. దాన్ని 62తో భాగిస్తే ఒక్కో ఫ్రేముకు 16 మిల్లీసెకన్లు. 29తో భాగిస్తే 34న్నర. రెండింటికీ తేడా సుమారు 18 మిల్లీసెకన్లు. ఆ కార్డు మీద, ఆ సెట్టింగులతో, ఆ చోట రే ట్రేసింగ్‌కు అయిన అసలు ఖర్చు అదే. రే ట్రేసింగ్ అనేది మామూలుగా బొమ్మ గీసే పని మీద అదనంగా వచ్చి పడే పని. అందుకే దాన్ని శాతాల్లో చూస్తే తికమక పడతాం. అదే 18 మిల్లీసెకన్ల భారం, మామూలుగా 120 ఫ్రేములు ఇచ్చే సెట్టింగుల మీద పడిందనుకో. అప్పుడు 120 కాస్తా 38 అవుతుంది. చూసినవాళ్లు మూడింట రెండు వంతులు పోయాయని గుండెలు బాదుకుంటారు. 40 ఫ్రేములు ఇచ్చే సెట్టింగుల మీద పడితే 23 అవుతుంది. అక్కడ సగం కూడా పోలేదని సంతోషిస్తారు. రెండు చోట్లా పడిన బరువు ఒకటే. ఎవరైనా రే ట్రేసింగ్ వల్ల ఇంత శాతం పడిపోతుందని చెబితే, ఎన్ని ఫ్రేముల నుంచి ఎన్నింటికి పడిందో అడుగు. ఆ రెండు సంఖ్యలూ ఇస్తే మిల్లీసెకన్లు నువ్వే తీయవచ్చు.

మరి ఆ 18 మిల్లీసెకన్లు ఎక్కడికి పోతున్నాయి? కార్డు తెర మీద ఉన్న ప్రతి చుక్క నుంచి ఆటలోని లోకంలోకి ఒక కిరణాన్ని వదిలి, అది దేనికి తగులుతుందో కనిపెట్టాలి. ఆ లోకంలో లక్షల త్రిభుజాలు ఉంటాయి. ఒక్కో కిరణం అన్నింటినీ తడిమి చూస్తే రోజంతా చాలదు. కాబట్టి మన ఉత్తరాల పద్ధతినే వాడతారు. పోస్టుమ్యాన్ నీ ఉత్తరం పట్టుకుని రాష్ట్రంలోని ప్రతి తలుపూ కొట్టడు కదా. నల్గొండ జిల్లా సంచిలో పడుతుంది, అందులోంచి మిర్యాలగూడకు, అక్కడి నుంచి వీధికి, వీధిలో ఇంటికి చేరుతుంది. ఆటలోని వస్తువులను కూడా ఇలాగే పెద్ద పెట్టెలో చిన్న పెట్టెలుగా, వాటిలో ఇంకా చిన్న పెట్టెలుగా సర్దిపెడతారు. దీన్ని బీవీహెచ్ అంటారు. కిరణం పెద్ద పెట్టెకే తగలకపోతే, లోపలివేవీ చూడనక్కర లేదు.

ఈ పోలికలోనే నీ ప్రశ్నకు కావలసినవి రెండు విషయాలు దాగున్నాయి. ఒకటి, ఆ పెట్టెలోంచి ఈ పెట్టెలోకి వెతుక్కుంటూ దిగే పని ఎవరు చేస్తారన్నది. ఎన్‌విడియా కార్డుల్లో 2018లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 20 వరుస నుంచి ఆ నడకంతా ఆర్‌టీ కోర్ అనే ప్రత్యేక విభాగం చేస్తుంది. నువ్వు చూసిన ఆర్‌ఎక్స్ 6600 తరంలో, పెట్టెకు గానీ, త్రిభుజానికి గానీ కిరణం తగిలిందా లేదా అని చూసే పని మటుకే ప్రత్యేక విభాగం చేస్తుంది. తర్వాత ఏ పెట్టెలోకి దిగాలన్న నడకను మామూలుగా రంగులు లెక్కగట్టే షేడర్లే మోయాలి. ఒకే మనిషి ఉత్తరాలు వేరుచేస్తూ, వాటినే మళ్లీ ఇళ్లకు పంచుతూ ఉంటే రెండు పనులూ ఆలస్యమైనట్టే ఇదీ. అందుకే మామూలు ఆటలో 6600 నీ స్నేహితుడి 3060కి దాదాపు సమానంగా నడుస్తుంది, సైబర్‌పంక్‌లో రే ట్రేసింగ్ ఆన్ చేయగానే బాగా వెనకబడుతుంది. 2025లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9000 వరుసలో ఏఎమ్‌డీ ఈ విభాగాన్ని చాలా బలపరిచింది. కాబట్టి 6600ను చూసి ఏఎమ్‌డీ కార్డులన్నీ ఇంతే అనుకోవద్దు.

రెండోది ప్రాసెసర్ సంగతి. ఊళ్లో జనం ఇళ్లు మారుతుంటే చిరునామాల పుస్తకం తిరగరాయాలి. ఆటలో మనుషులు నడుస్తారు, బండ్లు కదులుతాయి. కాబట్టి ఆ పెట్టెల అమరికను ప్రతి ఫ్రేముకూ సరిచేయాలి. ఆ సరిచేతలో కొంత కార్డు చేస్తుంది గానీ, ఏది కదిలింది, ఏది ఉంచాలి, ఏది తీయాలి అని చూసి పురమాయించేది ప్రాసెసర్. మామూలు ఆటలో కెమెరాకు వెనక ఉన్నవాటిని లెక్కలోంచి తీసేయవచ్చు. రే ట్రేసింగ్‌లో అలా కుదరదు, వెనక ఉన్న దుకాణం బోర్డు ముందున్న అద్దంలో కనపడాలి. దాంతో ప్రాసెసర్ మీద పని పెరుగుతుంది. ఈ ఖర్చును చాలామంది లెక్కలోకే తీసుకోరు. కార్డు కొని తెచ్చుకుంటారు, ఫ్రేములు పెరగవు, కార్డు చెడ్డదని తిట్టుకుంటారు.

నీ 10400ఎఫ్ చెడ్డది కాదు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, ఇప్పటికీ పనికొచ్చే ప్రాసెసరే. కానీ దానికి నువ్వు ఒక్క ర్యామ్ స్టిక్ పెట్టి సగం దారి మూసేశావు. నీ బోర్డు మీద ర్యామ్ 2666 వేగంతో నడుస్తుంది. ఒక్క స్టిక్ అయితే సెకనుకు 21 జీబీ, రెండు ఉంటే 42 జీబీకి పైగా డేటా అందించగలదు. రే ట్రేసింగ్‌తో ప్రాసెసర్ ఎక్కువగా తడుముకునేది ఈ ర్యామ్‌నే. టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ పేజీలో Slots used అన్న చోట చూడు, 1 of 2 అని ఉంటుంది. ఉన్నదానికి జతగా అదే వేగం, అదే పరిమాణం ఉన్న స్టిక్ ఒకటి తెచ్చి పెట్టు. 30 వేలలో దీనికి కొంత పక్కన పెట్టు. ఆ కొంచెం తగ్గడం వల్ల కార్డు ఒక మెట్టు దిగాల్సి వచ్చినా సరే, ఇది వదలవద్దు.

కార్డు కొనకముందే నీ ప్రాసెసర్ ఎంతవరకు మోయగలదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. నీ 1650తోనే ఆట తెరువు. రిజల్యూషన్ 1280x720 పెట్టి, చిన్న బొమ్మను పెద్దది చేసి చూపించే ఎఫ్‌ఎస్‌ఆర్‌ను అన్నిటికంటే కింది మెట్టుకు దించు. గ్రాఫిక్స్ అన్నీ లో పెట్టి, జనసమ్మర్దాన్ని మాత్రం ఎక్కువకు పెట్టు. ఇప్పుడు సందడిగా ఉన్న మార్కెట్ వీధిలో ఐదు నిమిషాలు తిరుగు. తెర మీద బొమ్మ అలుక్కుపోయి కనిపిస్తుంది, పట్టించుకోకు. కార్డుకు పని తగ్గించి, బరువంతా ప్రాసెసర్ మీదికి నెట్టడమే ఈ పరీక్ష ఉద్దేశం. వచ్చే ఫ్రేములను, కార్డు వాడకాన్ని చూడాలి. ఆట నడుస్తుండగా కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టి ఉంచితే రెండు సెకన్లకొకసారి వివరాలు ఒక ఫైలులో పడుతుంటాయి.

```
nvidia-smi --query-gpu=utilization.gpu,memory.used,temperature.gpu --format=csv -l 2 > log.csv
```

ఆట ముగించాక కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఆగుతుంది. ఫైలు తెరిచి చూడు. కార్డు వాడకం 95 శాతం కంటే తక్కువగా ఉంటే, అప్పుడు కనిపించిన ఫ్రేములే నీ ప్రాసెసర్ పైకప్పు. వాడకం 98, 99 దగ్గరే ఉంటే ఇంకా కార్డే అడ్డుపడుతోందని అర్థం, అంటే ప్రాసెసర్ పైకప్పు ఇంకా పైన ఉంది. ఆ పైకప్పు 75 వచ్చిందనుకో, రే ట్రేసింగ్ ఆన్ చేశాక అది ఇంకా దిగుతుంది. నా అంచనా 55, 60 మధ్య నిలుస్తుంది. అది నీకు సరిపోతుంది. ఒక్క స్టిక్‌తో 55 దాటకపోతే, ర్యామ్ వేసి మళ్లీ చూడు.

ఇక అసలు సంగతి. రే ట్రేసింగ్ ఒకటే స్విచ్ అనుకోవడం వల్లే నీ స్నేహితుడికి 29 కనపడింది. ఈ ఆటలో అది నాలుగు ముక్కలుగా ఉంటుంది. ప్రతిబింబాలు, ఎండ నీడలు, దీపాల నీడలు, మొత్తం వెలుతురు. ఈ నాలుగింటి ఖర్చూ ఒకటి కాదు, వాటి వల్ల కళ్లకు తెలిసే తేడా కూడా ఒకటి కాదు.

ఎండ నీడ చవక. సూర్యుడు ఒక్కడే కాబట్టి కిరణాలన్నీ ఒకే దిక్కుకు పోతాయి, పక్కపక్క చుక్కల కిరణాలు దాదాపు అవే పెట్టెల్లో తిరుగుతాయి. పైగా దారిలో ఏదైనా అడ్డం ఉందా లేదా అన్నంతవరకే తెలిస్తే చాలు, తగిలిన వస్తువు రంగు అక్కర్లేదు. ప్రతిబింబం ఖరీదైనది. గరుకు రోడ్డు మీద తగిలిన కిరణాలు తలా ఒక దిక్కుకు చెదిరిపోతాయి. పైగా ఎక్కడ తగిలితే అక్కడి రంగును, అక్కడి వెలుతురును మళ్లీ లెక్కగట్టాలి. మొత్తం వెలుతురు దానికంటే కష్టం. మన ఇళ్లలో మధ్యాహ్నం ఎండ వాకిట్లో బండల మీద పడి, అక్కడి నుంచి ఎగిరి వరండా పైకప్పును వెలిగిస్తుంది చూడు, దాన్ని లెక్కగట్టడమది. ఒక్కో చుక్కకు వదిలేది కొద్ది కిరణాలే కాబట్టి వచ్చిన బొమ్మ ఇసుక చల్లినట్టుంటుంది. దాన్ని నునుపు చేయడానికి డీనాయిజర్ అనే ఇంకో పని, దాని ఖర్చు మళ్లీ వేరు.

నీ మనసులోని ఆట రాత్రి వాన పడిన నగరం కాబట్టి, ప్రతిబింబాలే ముందు ఆన్ చేయమంటాను. వాన వెలిసిన రాత్రి నల్గొండ గడియారం సెంటర్‌లో నిలబడితే, రోడ్డు మీది నీటిమడుగులో దుకాణాల దీపాలన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. తల వంచి కాళ్ల దగ్గరి మడుగునే చూసినా అవి పోవు. ఇప్పుడు నీ 1650 మీద ఆటలో ఒక నీటిమడుగు దగ్గరికి వెళ్లు. ఎదుటి బోర్డు మడుగులో కనపడేలా నిలబడి, కెమెరాను మెల్లగా కిందికి దించు. పైనున్న బోర్డు తెర అంచు దాటిపోయిన క్షణంలోనే మడుగులోని దాని ప్రతిబింబం కూడా చెరిగిపోతుంది. రే ట్రేసింగ్ లేనప్పుడు ప్రతిబింబాన్ని తెర మీద ఉన్న బొమ్మలోంచే తవ్వి తీస్తారు. తెరలో లేనిదాన్ని ఎక్కడి నుంచి తెస్తారు? రే ట్రేసింగ్ ఉంటే బోర్డు తెరలో లేకపోయినా మడుగులో ఉంటుంది. నీ డబ్బు దేనికి పెడుతున్నావో ఆ మడుగు దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఈ పరీక్ష చేశాక, అంత తేడా నాకు అక్కర్లేదు అనిపించినా తప్పు లేదు. అప్పుడు ఆర్‌ఎక్స్ 6600 తీసుకుని మిగిలిన డబ్బు దాచుకో. రే ట్రేసింగ్ మాట ఎత్తకపోతే అది మంచి కార్డు.

కిరణాలు తెర మీది చుక్కల లెక్కన వదులుతారని చెప్పాను కదా. ఫుల్ హెచ్‌డీలో 20 లక్షల 73 వేల చుక్కలుంటాయి. డీఎల్‌ఎస్‌ఎస్‌ను క్వాలిటీలో పెడితే కార్డు లోపల 1280x720లో గీసి, దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. అక్కడ చుక్కలు 9 లక్షల 21 వేలే, అంటే 44 శాతం. రే ట్రేసింగ్ ఉన్నప్పుడు డీఎల్‌ఎస్‌ఎస్ ఇంత లాభం ఇచ్చేది అందుకే. అయితే పెట్టెల అమరికను సరిచేసే పని చుక్కలను బట్టి తగ్గదు. పెద్దది చేయడానికీ కొంత సమయం పడుతుంది. కాబట్టి 34న్నర మిల్లీసెకన్లు 44 శాతానికి దిగిపోవు. నీ స్నేహితుడి కార్డు మీద 22 దగ్గర ఆగుతుందని నా అంచనా, అంటే 45 ఫ్రేములు. 4060 మామూలుగా 3060 కంటే ఐదో వంతు దాకా ముందుంటుంది. కాబట్టి నీకు అవే సెట్టింగుల్లో 18, 19 మిల్లీసెకన్లు పట్టవచ్చు, 50 దాటుతాయి. వెలుతురును, దీపాల నీడలను ఆపి, ప్రతిబింబాలు, ఎండ నీడలు మాత్రం ఉంచితే 60 అందుకోవచ్చు, నీ ప్రాసెసర్ అడ్డుపడకపోతే. అడ్డుపడుతోందో లేదో తెలుసుకోవడానికి ఆడుతున్నప్పుడే ఒక ఉపాయం ఉంది. డీఎల్‌ఎస్‌ఎస్‌ను క్వాలిటీ నుంచి పర్ఫామెన్స్‌కు మార్చు. ఫ్రేములు పెరిగితే బరువు కార్డు మీద ఉన్నట్టు. కదలకపోతే ప్రాసెసర్ మీద ఉన్నట్టు, వెంటనే క్వాలిటీకి తిరిగి వచ్చేయ్. ఫుల్ హెచ్‌డీ తెర మీద పర్ఫామెన్స్ అంటే 960x540లో గీసిన బొమ్మ, దూరపు తీగలు, జాలీలు మెరమెరలాడతాయి.

4060లో ఫ్రేమ్ జనరేషన్ కూడా ఉంది, దుకాణదారు దాన్నే ఎక్కువ పొగుడుతాడు. నీ మానిటర్ 75 హెర్ట్జ్‌ది. దాన్ని ఆన్ చేసి 75కి కట్టేస్తే, కార్డు నిజంగా గీసేది 37 ఫ్రేములే, మధ్యలోవి కల్పించినవి. మౌస్ కదిలిస్తే స్పందన ఆ 37 లెక్కనే ఉంటుంది, కల్పన వల్ల ఇంకొంచెం ఆలస్యమవుతుంది కూడా. పైగా అది కార్డు మెమరీనీ కొంత తింటుంది. 120 హెర్ట్జ్ దాటిన మానిటర్ కొన్నాక, అదీ కల్పన లేకుండా 55, 60 వస్తుంటే అప్పుడు చూడు.

4060కి నిజమైన లోటు దాని 8 జీబీ మెమరీ. నీ బోర్డు మీద అది ఇంకాస్త తెలుస్తుంది. రే ట్రేసింగ్ ఆన్ చేస్తే ఆ పెట్టెల అమరిక మొత్తం కార్డు మెమరీలోనే ఉండాలి. అది నిండితే మిగిలింది కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతుంది. కార్డు తన మెమరీని సెకనుకు 272 జీబీ వేగంతో చదువుతుంది. కార్డును బోర్డుతో కలిపే పీసీఐఈ లేన్లను 4060 ఎనిమిదే వాడుతుంది, నీ హెచ్410 బోర్డులో ఉన్నది పాత పీసీఐఈ 3. కాబట్టి బయటి ర్యామ్ నుంచి తెచ్చుకునే దారిలో సెకనుకు 8 జీబీ కూడా రాదు. మెమరీ నిండనంత వరకు ఈ ఇరుకు దారి వల్ల పెద్ద నష్టం లేదు. నిండితే మాత్రం ఆట మొదట్లో బాగుండి, అరగంట తర్వాత ఉన్నట్టుండి కుదుపులు మొదలవుతాయి. గోడల మీద బొమ్మలు మసగ్గా ఉండిపోతాయి. ఆట మూసి తెరిస్తే మళ్లీ బాగుంటుంది. ఈ లక్షణాలు కనిపిస్తే రే ట్రేసింగ్‌ను తగ్గించాలని కంగారు పడకు. టెక్స్చర్లను ఒక మెట్టు దించి, వెనక తెరిచి ఉంచిన బ్రౌజరును మూసెయ్. చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది.

ఈ విషయంలో నీ స్నేహితుడి 3060 నీ 4060 కంటే నయం, అందులో 12 జీబీ ఉంది. అతని కార్డును తక్కువ చేయవద్దని చెప్పు. అతను కూడా ప్రతిబింబాలు మాత్రం ఉంచి, డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ పెడితే హాయిగా ఆడుకోగలడు.

3050 గురించి ఎక్కువ చెప్పను. దాని పెట్టె మీద ఆర్‌టీఎక్స్ అని ఉంది, ఆర్‌టీ కోర్లూ ఉన్నాయి. కానీ మామూలు ఆటకే దానికి మిల్లీసెకన్లు మిగలవు, ఇక రే ట్రేసింగ్‌కు ఎక్కడి నుంచి తెస్తుంది? అందులోనూ 6 జీబీ రకం ఇంకా బలహీనం. ఇంటెల్ ఆర్క్ బీ580ను కూడా ఎవరైనా చూపించవచ్చు. 12 జీబీ మెమరీ, మంచి రే ట్రేసింగ్ విభాగం, ధర కూడా అందుబాటులో ఉంటుంది. కొత్త ప్రాసెసర్ ఉన్నవాడికి నేనే సిఫారసు చేస్తాను. కానీ దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం మోపుతుంది, నీలాంటి పాత ఆరు కోర్ల ప్రాసెసర్ మీద ఫ్రేములు గణనీయంగా పడిపోతాయి. కాబట్టి నీకు వద్దు. సెట్టింగులను ఎక్కువగా తగ్గించకుండా, మెమరీ గురించి ఆలోచించకుండా ఆడాలంటే 16 జీబీ ఉన్న ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ లేదా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ కావాలి. అవి నీ డబ్బుకు మించినవి, నీ ప్రాసెసర్ వాటికి పూర్తి పని చెప్పనూ లేదు. వెలుతురంతా కిరణాలతోనే లెక్కగట్టే పాత్ ట్రేసింగ్ అన్న మెట్టును మాత్రం ముట్టుకోకు. 4కేలో డీఎల్‌ఎస్‌ఎస్ లేకుండా దాన్ని నడపాలంటే ఆర్‌టీఎక్స్ 4090 లాంటి కార్డే 20 ఫ్రేముల దగ్గర ఆయాసపడుతుంది.

అన్ని ఆటలూ సైబర్‌పంక్‌లా పీడించవు. 2024 చివర్లో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025లో వచ్చిన డూమ్ ద డార్క్ ఏజెస్ రే ట్రేసింగ్ విభాగం లేని కార్డు మీద అసలు తెరుచుకోవు. వాటిలో ఆర్‌టీని ఆపే స్విచ్చే లేదు. నీ 1650 మీద అవి నడవవు. అయినా వాటి కనీస కార్డుల జాబితాలో ఆర్‌ఎక్స్ 6600 ఉంది. మొదటి నుంచీ ఆ వెలుతురు పద్ధతినే నమ్ముకుని ఆట కట్టారు కాబట్టి, తక్కువ కిరణాలతో పని జరిగేలా సర్దుకున్నారు. పాత పద్ధతిలో కట్టిన ఆట మీద రే ట్రేసింగ్‌ను తర్వాత పేరిస్తే ఖర్చు రెండింటిదీ పడుతుంది.

ఇక కరెంటు సంగతి. మా తమ్ముడి కంప్యూటర్‌కు పోయిన ఏప్రిల్‌లో ఒక వింత జబ్బు వచ్చింది. మామూలుగా గంటలకొద్దీ ఆడేవాడు. రే ట్రేసింగ్ ఆన్ చేసిన ఐదు నిమిషాలకు కంప్యూటర్ ఒక్కసారిగా ఆరిపోయేది. కార్డు పాడైందని విప్పి తెచ్చాడు. నా దగ్గర అదే కార్డు రాత్రంతా నడిచింది. జరిగిందేమిటంటే, అంతకుముందు ప్రాసెసర్ అడ్డుపడి కార్డు 70 శాతం పనితోనే నెట్టుకొచ్చేది. రే ట్రేసింగ్ పెట్టాక అది 99కి చేరి, ఉన్న కరెంటంతా అడిగింది. పాతబడిన ఎస్‌ఎమ్‌పీఎస్ ఆ ఎండలకు, ఆ బరువుకు తట్టుకోలేక కాపాడుకోవడానికి తనను తాను ఆపేసుకుంది. కొత్తది వేశాక మళ్లీ ఆరిపోలేదు.

నీ 1650 మామూలుగా 75 వాట్లు బోర్డు నుంచే తీసుకుంటుంది. 4060కి 115 వాట్లు కావాలి, 5060కి 145. రెండింటికీ ఎనిమిది పిన్నుల వైరు కావాలి. 450 వాట్లు మంచి కంపెనీవైతే 4060కి లెక్క ప్రకారం సరిపోతాయి, అయినా కార్డు తయారీదారులు 550 సూచిస్తారు. కేబినెట్ మూత తీసి, నీ ఎస్‌ఎమ్‌పీఎస్‌కు ఆరుకు రెండు కలిపిన పిన్నుల వైరు అసలు ఉందో లేదో చూడు. లేకపోతే హార్డ్‌డిస్క్ వైరుకు తగిలించే మార్పిడి ముక్కను దుకాణంలో ఇస్తామంటారు, తీసుకోవద్దు. వైరు లేని ఎస్‌ఎమ్‌పీఎస్‌ను మార్చడమే మంచిది. మే నెలలో మన దగ్గర గది వేడే 40 దాటుతుంది. కేబినెట్ ముందు గాలి లోపలికి తీసుకునే ఫ్యాను ఒక్కటైనా లేకపోతే కార్డు బాగా వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకోవచ్చు. పైన ఇచ్చిన ఫైలులో వేడి కూడా రాస్తుంది, చూసుకో.

సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి ధరలు నాలుగు చోట్ల అడుగు, కార్డుల ధరలు వారం వారం మారుతున్నాయి. వాడిన 4060 తక్కువకు ఇస్తామంటే బిల్లు, వారంటీ ఎవరి పేరు మీద ఉన్నాయో చూశాకే మాట్లాడు. కానీ అంతకంటే ముందు రెండో ర్యామ్ స్టిక్ వేసి, ఆ మార్కెట్ వీధిలో ఐదు నిమిషాలు మళ్లీ తిరిగి, స్టిక్ వేయకముందు ఎన్ని ఫ్రేములు, వేశాక ఎన్ని అన్నది నాకు రాయి. వేశాక కూడా 55 దాటకపోతే కార్డు కొనడం ఆపు, అప్పుడు ప్రాసెసర్ సంగతి ముందు చూద్దాం.